యూనియన్ సభ్యత్వానికి రాజీనామా ఉత్తరం

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో ఫ్యాక్టరీలో చేస్తున్నాను. ఎవరినీ నొప్పించకుండా యూనియన్ నుంచి తప్పుకోవాలి. ఏం రాయాలి?

కార్యదర్శి పేరుకి కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఇంతే రాయండి: "జూన్ 30 నుంచి నా సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను. జూన్ వరకు చందా కట్టాను. అందినట్టు నకలు మీద సంతకం చేసి ఇవ్వగలరు." కారణం అక్కర్లేదు. "నాయకత్వం తీరు నచ్చక" అని ఒక్క ముక్క చేర్చారా, అది రాజీనామా పోయి ఫిర్యాదు అవుతుంది, సంజాయిషీలు మొదలవుతాయి.

చాలామంది మరిచేది చందా కోత. జీతంలోంచి కోసుకోవచ్చని మీరు రాసిచ్చిన కాగితం కంపెనీ దగ్గరే ఉంటే, యూనియన్‌కి ఉత్తరమిచ్చినంత మాత్రాన కోత ఆగకపోవచ్చు. ఆ అంగీకారాన్ని రద్దు చేస్తున్నానని హెచ్‌ఆర్‌కి విడిగా రాసిచ్చి, జులై పేస్లిప్ చూసుకోండి.