మెయిల్లో వచ్చిన సమన్లను కోర్టు రికార్డులో ఇలా సరిచూసుకోండి

ప్రశ్న: "నిన్న సాయంత్రం ఒక మెయిల్ వచ్చిందండీ. కోర్టు సమన్లు అని రాసి పీడీఎఫ్ జతచేశారు. అందులో నా పేరు, కేసు నంబరు, కోర్టు ముద్ర అన్నీ ఉన్నాయి. 24 గంటల్లో స్పందించకపోతే అరెస్ట్ వారెంట్ అంటున్నారు. ఇది నిజమో కాదో కోర్టులో కనుక్కోవడం ఎలా?"

ఆ 24 గంటల మాట దొంగ మెయిల్ లక్షణమే. సమన్లలో గడువు గంటల లెక్కన ఉండదు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా కోర్టుకు హాజరు కావాలని ఉంటుంది. సివిల్ దావాలో ప్రతివాది రాకపోతే మామూలుగా జరిగేది అరెస్టు కాదు, అతను లేకుండానే విచారణ నడిపించడం. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. క్రిమినల్ కేసులో వారెంటు రావచ్చు. అదైనా జడ్జి ఇచ్చే ఉత్తర్వుతోనే వస్తుంది, మామూలుగా మీరు రావలసిన తేదీ దాటాకే, మెయిల్‌కు జవాబివ్వలేదని రాదు.

అయితే ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. "కోర్టులు మెయిల్ పంపవు, డిలీట్ చేసెయ్యండి" అని వాట్సాప్‌లో తిరిగే సలహా తప్పు, పైగా ప్రమాదం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డర్, 9వ రూల్‌లో హైకోర్టు నియమాలకు లోబడి ఈమెయిల్ ద్వారా సమన్లు పంపే వీలుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సమన్లకు కోర్టు ముద్ర బొమ్మ గానీ డిజిటల్ సంతకం గానీ ఉంటే చాలు. అంటే నిజం సమన్లు కూడా మెయిల్లో రావచ్చు. ముద్ర బొమ్మను ఎవరైనా అతికించగలరు కాబట్టి పీడీఎఫ్‌ను ఎంతసేపు చూసినా ఏదీ తేలదు. తేలేది కోర్టు రికార్డులోనే.

ముందు ఆ మెయిల్లోని లింకులు, క్యూఆర్ కోడ్, ఫోన్ నంబర్లు వేటినీ వాడకండి. వాటితో సరిచూసుకోవడమంటే దొంగనే సాక్ష్యం అడగడం. ఫైల్‌ను డౌన్‌లోడ్ చేయకుండా మెయిల్ ప్రివ్యూలోనే చూసి వివరాలు కాగితం మీద రాసుకోండి. ఫైల్ పేరు చివర `.apk`, `.exe`, `.html` లాంటివి ఉన్నా, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ అయినా అసలు తెరవకండి. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో మెయిల్ సర్వీసు వైరస్ స్కానర్ చూడలేదు, అందుకే దొంగలకు అదంటే ఇష్టం. పంపినవారి పేరు మీద నొక్కి పూర్తి అడ్రస్ చూడండి. `gov.in`, `nic.in` అన్న అక్షరాలు ఎక్కడో ఉంటే సరిపోదు, @ తర్వాతి భాగం వాటితోనే ముగియాలి, వాటికి సరిగ్గా ముందు @ గానీ చుక్క గానీ ఉండాలి. `ecourts-gov.in` అన్నది ప్రభుత్వానిది కాదు, మధ్యలో ఉన్నది చుక్క కాదు, గీత. ఇదంతా తొలి జల్లెడ మాత్రమే.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. రాసుకోవలసినవి ఐదు: కోర్టు పేరు, కేసు రకం, నంబరు, సంవత్సరం, సీఎన్ఆర్ నంబరు. కేసు రకం అంటే సివిల్ దావాకు ఓ.ఎస్., క్రిమినల్ కేసుకు సి.సి. లాంటి పొట్టి పేరు. సీఎన్ఆర్ అంటే కోర్టుల ఆన్‌లైన్ రికార్డు అయిన ఈకోర్ట్స్ వ్యవస్థలో ఒక్కో కేసుకు ఇచ్చే 16 అక్షరాల గుర్తింపు. దాని రూపం ఇలా ఉంటుంది, XX దగ్గర జిల్లా అక్షరాలు వస్తాయి:

```
APXX010012342024
```

మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి రెండూ జిల్లా, ఆపై రెండంకెలు కోర్టు, ఆరంకెలు వరుస సంఖ్య, చివరి నాలుగూ సంవత్సరం. మధ్యలో ఖాళీలు, గీతలు ఉండవు. ఆ ఆరంకెలూ ఓ.ఎస్. నంబరుతో కలవడం లేదని చాలామంది కంగారుపడతారు. కలవక్కర్లేదు, ఆ వరుస వేరు.

బ్రౌజర్‌లో `services.ecourts.gov.in` అని మీ చేత్తో టైప్ చేయండి. గూగుల్లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కకండి. సుప్రీంకోర్టు పేరుతోనే నకిలీ వెబ్‌సైటు నడుస్తోందని 2023 ఆగస్టులో ఆ కోర్టు రిజిస్ట్రీ స్వయంగా ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. `CNR Number` గడిలో నంబరు కొట్టి, క్యాప్చా పూర్తిచేస్తే కేసు వివరాలు తెరుచుకుంటాయి. హైకోర్టు కేసైతే `hcservices.ecourts.gov.in`లో చూడాలి.

కేసు దొరికింది కదా అని అక్కడితో ఆగితే మోసపోయేది అక్కడే. ఉదాహరణకు మీ పీడీఎఫ్‌లో ఓ.ఎస్. 214/2024, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, మీరు ప్రతివాది అని ఉందనుకుందాం. కింద ఒక సీఎన్ఆర్ నంబరు కూడా ఉంది. అది కొడితే కేసు వచ్చింది. కానీ కేసు రకం దగ్గర ఎం.వి.ఓ.పి. అని ఉంది, అంటే రోడ్డు ప్రమాదం పరిహారం కేసు. పార్టీల పేర్లలో మీరు లేరు. `Case Status` దగ్గర డిస్పోజ్ అయిందని కూడా ఉంది. ఎవరిదో ముగిసిపోయిన కేసు నంబరు ఎత్తుకొచ్చి మీ సమన్ల మీద అతికించారన్నమాట. ఆ రోజు విచారణకు వచ్చే కేసులతో కోర్టులు రోజూ పెట్టే కాజ్ లిస్టుల్లో కేసు నంబర్లు, పేర్లు అందరికీ కనిపిస్తాయి, కాబట్టి నిజమైన నంబరు సంపాదించడం వాళ్లకు కష్టమేమీ కాదు. అందుకే కేసు రకం, కోర్టు, ప్రతివాదుల్లో మీ పేరు, తర్వాతి వాయిదా తేదీ, ఈ నాలుగూ పీడీఎఫ్‌తో కలవాలి.

నాలుగూ కలిస్తే ఇంకో మెట్టు దిగండి. అదే పేజీలో కింద `Case History` పట్టిక ఉంటుంది. అందులో `Business on Date` వరుసలోని తేదీ నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో ఒకటి రెండు లైన్లలో కనిపిస్తుంది. ప్రతివాదికి సమన్లు పంపమని అక్కడ రాసి ఉంటే దాదాపు తేలిపోయినట్టే. కొన్ని కోర్టుల్లో ఆ లైన్లు వెంటనే ఎక్కించరు, లేదా వాయిదా తేదీ తప్ప ఇంకేమీ రాయరు. ఒక్క లైను సరిగా ఎక్కిస్తే ఎంతమందికి నిద్ర పడుతుందో కదా!

కేసు అసలు దొరకకపోయినా నకిలీ అని తీర్మానించకండి. ముందు `Party Name`లో మీ పేరుతో వెతకండి. జిల్లా, కోర్టు కాంప్లెక్సు, సంవత్సరం సరిగా ఎంచుకోవాలి. ఇంగ్లిష్‌లో మన పేర్లు ఒక్కో గుమస్తా ఒక్కోలా టైప్ చేస్తారు, అందుకని పూర్తి పేరు కాకుండా మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి చూడండి. వినియోగదారుల కమిషన్, అప్పుల రికవరీ ట్రిబ్యునల్ కేసులు ఈ జిల్లా కోర్టుల జాబితాలో ఉండవు, వాటికి వేరే వెబ్‌సైట్లున్నాయి. నోటీసు పైన ఏ సంస్థ పేరుందో చూసి అక్కడ వెతకాలి.

చివరి మాట కోర్టు ఆఫీసుదే. ఒక్కో జిల్లా కోర్టుకూ `dcourts.gov.in`తో ముగిసే వెబ్‌సైటు ఉంటుంది. ఫోన్ నంబరు అక్కడి నుంచే తీసుకోండి. ఉదయం పదిన్నరకు కోర్టు మొదలయ్యాక బెంచ్ క్లర్కు జడ్జిగారి ముందు ఉంటారు, ఫోన్ ఎవరూ ఎత్తకపోవచ్చు. దానికి ముందో, సాయంత్రం కోర్టు ముగిశాకో చేయండి. "నాకు సమన్లు వచ్చాయి, నిజమేనా?" అని అడిగితే సమాధానం రాదు. "ఓ.ఎస్. ఫలానా నంబరులో రెండో ప్రతివాదికి సమన్లు జారీ అయ్యాయా, మెయిల్లో పంపారా, వాయిదా ఎప్పుడు?" అని అడిగితే వాళ్లు రిజిస్టరు చూసి చెప్పగలరు. ఫోన్లో చెప్పకపోతే వేరే దారి లేదు, ప్రింటు తీసుకుని మీరో మీ లాయరో కోర్టుకు వెళ్లి ఆ సెక్షన్‌లో చూపించడమే. ఆ దారే అన్నిటికంటే నమ్మకమైనది కూడా.

లాయరు పంపిన లీగల్ నోటీసైతే ఈ తంతు పనిచేయదు. అది కేసుకు ముందు వచ్చే కాగితం, దానికి సీఎన్ఆర్ ఉండదు, కోర్టులో అడిగినా ఎవరికీ తెలియదు. అక్కడ సరిచూడాల్సింది లాయరును. ఆయన ఎన్‌రోల్‌మెంట్ నంబరును రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడిగి, వాళ్ల దగ్గరున్న చిరునామా, ఫోన్ ద్వారా "ఈ నోటీసు మీరే పంపారా?" అని కనుక్కోండి. చెక్ బౌన్స్ నోటీసు నిజమైతే అది అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టాలి, కట్టకపోతే కేసు వేయడానికి అవతలివాళ్లకు హక్కు వస్తుంది. కాబట్టి దాన్ని వారాల తరబడి పక్కన పెట్టకూడదు.

ఎక్కడైనా యూపీఐ, క్యూఆర్, "సెటిల్‌మెంట్ ఫీజు" అని కనిపిస్తే ఇక ఆలోచించకండి. సమన్లను రద్దు చేయించుకునే ఫీజు అంటూ ఏ కోర్టులోనూ లేదు. ట్రాఫిక్ చలాన్ల వర్చువల్ కోర్టు ఆన్‌లైన్‌లో జరిమానా కట్టించుకుంటుంది. అదైనా `vcourts.gov.in` అని మీరే టైప్ చేసి, వాహనం నంబరుతో చూసుకుని కట్టాలి.

నకిలీ అని తేలితే మెయిల్ చెరపకండి. `cybercrime.gov.in`లో ఫిర్యాదుకు అదే ఆధారం. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నిజమని తేలితే మెయిల్ అందిన తేదీ రాసిపెట్టుకోండి. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కోర్టు కారణం రాసి దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. సమన్లతో పాటు దావా ప్రతి కూడా రావాలి. మీ మెయిల్లో అది లేకపోతే, వాయిదా దాకా ఆగకుండా లాయరు ద్వారా కోర్టులో కాపీకి దరఖాస్తు పెట్టించండి.