చేతిలో 10,000 డాలర్లున్నాయి: చదువు లోను తీర్చాలా, దాచుకోవాలా?

అమెరికాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఇండియాలో 11 శాతం వడ్డీకి చదువు లోను ఉంది, ఇక్కడ కాస్త మిగిలింది, ఏం చేయాలి?

లోను ముందే కట్టడం కూడా పెట్టుబడే. కట్టాల్సిన అవసరం తప్పిన వడ్డీయే దాని రాబడి, దాని మీద పన్ను కూడా ఉండదు. అందుకే ఇక్కడి సేవింగ్స్ ఖాతా వడ్డీతో పోల్చేటప్పుడు పన్ను పోగా ఎంత మిగులుతుందో చూడాలి.

అయితే మనకు ఒక మెలిక ఉంది. అప్పు రూపాయల్లో, జీతం డాలర్లలో. లెక్క తేలిగ్గా ఉండాలని డాలరు 80 రూపాయలనుకుందాం. 10,000 డాలర్లు ఇప్పుడే పంపితే 8 లక్షల అప్పు తీరుతుంది. పంపకుండా ఏడాది ఆగితే ఆ 8 లక్షలే వడ్డీతో 8.88 లక్షలవుతాయి. ఇక్కడ 4 శాతం వడ్డీ వచ్చి, పన్ను పోగా 3 మిగిలితే, చేతిలో ఉండేది 10,300 డాలర్లు. ఈలోగా డాలరు 3 శాతం పెరిగి 82.40 అయితే వాటి విలువ సుమారు 8.49 లక్షలు. అంటే ఆగినందుకు 39 వేలు నష్టం. లాభనష్టాలు సమానం కావాలంటే డాలరు ఒక్క ఏడాదిలో 86 దాటాలి. ఆ ఆశ మీద ఆగమని నేనైతే చెప్పను.

షేర్లలో పెడితే ఇంకా ఎక్కువ వస్తుందిగా అంటారు. రావచ్చు, కానీ అది చాలా ఏళ్ల సగటు. వచ్చే ఏడాది ఇరవై శాతం పడినా బ్యాంకు తన 11 శాతం తీసుకుంటూనే ఉంటుంది.

లోను కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయిన 401(k)లో మీరు 100 వేస్తే కంపెనీ 50 కలుపుతుందనుకోండి, దాన్ని వదులుకుని 11 శాతం మిగుల్చుకోవడంలో అర్థం లేదు. కాకపోతే ఆ 50 పూర్తిగా మీదవ్వడానికి ఎన్నేళ్లు పనిచేయాలో ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. రెండోది, కొన్ని నెలల ఖర్చులకు సరిపడా నగదు. లోనుకు కట్టిన డబ్బు వెనక్కి రాదు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. అప్పుడు క్రెడిట్ కార్డు మీద బతకాల్సి వస్తే 20 శాతం పైనే వడ్డీ పడుతుంది. 11 శాతం తప్పించుకున్న సంతోషం అక్కడే ఆవిరైపోతుంది.

ఈ రెండూ చూసుకున్నాక మిగిలింది లోనుకు కట్టండి. కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించవద్దని, గడువు తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. ఈఎంఐ తగ్గితే ఆ మిగిలిన డబ్బు నెలనెలా ఎటు పోతుందో ఎవరూ లెక్క రాయరు.