లాయర్ బిల్లులో రిటైనర్ ఎక్కడ ఉందో చూడండి

ప్రశ్న: కేసు అప్పగించేటప్పుడు లాయరుగారికి రిటైనర్‌గా 50,000 ఇచ్చాను. ఇప్పుడు బిల్లులో రిటైనర్ 50,000, ప్రొఫెషనల్ ఫీజు 42,000, చేతి ఖర్చులు 11,500 అని విడివిడిగా రాశారు. మొత్తం 1,03,500లో నేనిచ్చింది పోగా 53,500 కట్టమంటున్నారు. కట్టేయాలా అండీ?

జవాబు: ఇప్పుడే మొత్తం కట్టకండి. ఈ బిల్లులో మీ 50,000 ఒకసారి కలిపి, ఒకసారి తీసేశారు. అంటే మీరిచ్చిన డబ్బు ఫీజులో ఒక్క పైసా కూడా తగ్గించలేదు.

ఇది తప్పా కాదా అన్నది మీరు సంతకం చేసిన ఒప్పంద పత్రం చెబుతుంది. రిటైనర్ రెండు రకాలు. ఎక్కువమంది ఇచ్చేది అడ్వాన్స్. అది లాయర్ దగ్గర మీ పేరున ఉండే డబ్బు. పని జరిగేకొద్దీ ఫీజు, ఖర్చులు అందులోంచి తీసుకుంటారు, మిగిలితే తిరిగిస్తారు. రెండోది, అవసరమైనప్పుడు మీకు అందుబాటులో ఉన్నందుకు తీసుకునే రుసుము. అది వారి సంపాదనే, చేసిన పనికి ఫీజు వేరే. ఒప్పందంలో 'ఫీజులో సర్దుబాటు చేస్తాం' అని ఉంటే మీది మొదటి రకం. అప్పుడు ఫీజు, ఖర్చులు కలిపి 53,500, అందులో మీ 50,000 పోతే కట్టాల్సింది 3,500 మాత్రమే. 'తిరిగి ఇవ్వబడదు' అన్న మాట ఒక్కటే చూసి కంగారుపడకండి. తిరిగివ్వకపోయినా ఫీజులో సర్దే ఒప్పందాలు కూడా ఉంటాయి.

ఇక ఆ 11,500. చేతి ఖర్చులంటే మీ తరఫున బయటివాళ్లకు కట్టిన డబ్బు: కోర్టు ఫీజు, నోటరీ, కొరియర్, ప్రయాణం లాంటివి. వీటికి రసీదులు ఉంటాయి కాబట్టి తేదీలవారీగా పట్టిక అడగండి, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 'ఇతర ఖర్చులు' అని గుండుగుత్తగా ఒకే అంకె ఉంటే విడదీయించండి. జూనియర్ పనిగంటలు ఇక్కడ కనిపిస్తే అవి అసలు ఫీజు వరుసలో ఉండాలి. అక్కడ కూడా ఉన్నాయంటే రెండుసార్లు వేసినట్టే. ఒకే రోజు ఒకే కోర్టులో ఇంకో క్లయింటు పని కూడా చూసుకుంటే, ప్రయాణ ఖర్చంతా మీ ఒక్కరి మీదే వేశారా అని కూడా అడగవచ్చు. ఫీజు వరుసకైతే ఏ తేదీన ఏ పని, ఎంతసేపు అన్న వివరం చాలు.

మీది అడ్వాన్సే అని తేలితే, అభ్యంతరం లేని ఫీజు, ఖర్చుల్లో మీ 50,000 పోగా ఇంకా ఏమైనా ఉంటే అది కట్టి, మిగతాదానికి సవరించిన బిల్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. అందులో నాలుగు అంకెలు ఉండాలి: మొదట ఉన్న రిటైనర్, ఈ బిల్లు మొత్తం, రిటైనర్‌లోంచి సర్దింది, ఇంకా మిగిలింది. ఆలస్యం మాత్రం చేయకండి. కొన్ని ఒప్పందాల్లో బిల్లుపై అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది. అడ్వాన్స్ అయిపోయాక మళ్లీ నింపాలన్న షరతు ఉంటే, కొత్తగా కట్టేది బిల్లు బాకీకా, కొత్త అడ్వాన్స్‌కా అన్నది రసీదు మీద రాయించుకోండి.