‘పోను’ దేని నుంచి?

సందేహం: ఫ్రాంచైజీలకు నెలనెలా పంపే స్టేట్‌మెంట్ కింద మేం ఇలా రాస్తున్నాం: ‘మార్చి అమ్మకాలపై 6 శాతం రాయల్టీని పన్నులు, వాపసులు పోను 10వ తేదీ లోపు చెల్లించగలరు.’ ఎంత కట్టాలో, ఎప్పటికి కట్టాలో తేలడం లేదని ఒకరు అంటున్నారు. వాక్యంలో తప్పుందా?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదు. చిక్కంతా ‘పోను’ ఉన్న చోటులో ఉంది. పన్నులు, వాపసులు తీసివేయాల్సింది అమ్మకాల్లోంచి. మీ వాక్యంలో ఆ మాట రాయల్టీ పక్కన చేరింది కాబట్టి, అవి రాయల్టీలోంచి పోతాయేమో అనిపిస్తుంది. ఆ సందేహంతో కొందరు తీసివేతల్ని పక్కన పెట్టి మొత్తం అమ్మకాల మీదే లెక్క కట్టేస్తారు.

మార్చి అమ్మకాలు పన్నుతో కలిపి 9,00,000, అందులో పన్నులు 80,000, వాపసులు 20,000 అనుకుందాం. నికర అమ్మకాలు 8,00,000, రాయల్టీ 48,000. మొత్తం మీద లెక్కిస్తే 54,000 అవుతుంది. 6,000 తేడా అంటే ఫోన్ల మీద ఫోన్లు తప్పవు. ఇంకో జాగ్రత్త: వాపసుల మొత్తంలో పన్ను కలిసి ఉంటే, ఆ కాస్త పన్ను రెండుసార్లు పోతుంది. అందుకే ‘పన్ను కాక వాపసులు’ అని విడిగా చెప్పాలి.

గడువు విషయంలో ‘లోపు’ అనే మాటే తగాదా తెస్తుంది. 10వ తేదీన కట్టినా సరేనని కొందరు, 9తోనే గడువు తీరిందని కొందరు అంటారు. పైగా ఏ నెల 10 అన్నది రాయలేదు. డబ్బు పంపితే చాలా, మీ ఖాతాలో పడాలా అన్నదీ తేలలేదు. ఒకరు 10న పంపిన డబ్బు మర్నాడు జమ అయితే ఆలస్య రుసుము వేయాలా వద్దా? ఒప్పందంలో ఏముందో చూసి అదే ఇక్కడా రాయండి. నోట్‌ని సరిదిద్దే పేరుతో షరతు మార్చకూడదు.

‘చెల్లించగలరు’ మర్యాద కోసం వాడుతున్న మాటే అయినా, బాకీ విషయంలో మెత్తబడిపోతుంది. ‘చెల్లించాలి’ అనడం అమర్యాదేమీ కాదు.

ఒప్పందంలో జమ తేదీయే గడువని ఉంటే, నేనైతే ఇలా రాస్తాను:

‘మార్చి నెల మొత్తం అమ్మకాలు (పన్నుతో కలిపి) 9,00,000. ఇందులోంచి పన్నులు 80,000, వాపసులు (పన్ను కాక) 20,000 తీసివేయగా నికర అమ్మకాలు 8,00,000. దీనిపై 6 శాతం చొప్పున చెల్లించాల్సిన రాయల్టీ 48,000. ఈ మొత్తం ఏప్రిల్ 10వ తేదీ ముగిసేలోగా మా ఖాతాలో జమ కావాలి.’

వాక్యాలు నాలుగయ్యాయని జంకకండి. లెక్క ఏ వరుసలో నడుస్తుందో మాటలూ అదే వరుసలో నడిస్తే, చదివేవారు కాలిక్యులేటర్ పట్టుకుని వెంటనే సరిచూసుకోవచ్చు. గడువు రోజు సెలవైతే ఏం చేయాలో ఒప్పందంలో ఉంటే, ఆ ముక్క కూడా చివర్లో ఒక వాక్యంగా చేర్చండి.