ఆరు నెలల తర్వాత మెయిల్ చేయమన్న రిక్రూటర్‌కు ఏమని రాయాలి?

"జనవరిలో ఒక కంపెనీలో మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యింది, సెలెక్ట్ కాలేదు. రిక్రూటర్ మేడమ్ 'ఆరు నెలలయ్యాక ఒకసారి మెయిల్ చేయండి' అన్నారు. ఇప్పుడు ఆరు నెలలు కావస్తోంది. ఆవిడకు నేనసలు గుర్తుంటానా? ఏమని రాయాలి? మళ్ళీ రాస్తే బతిమాలుకుంటున్నట్టు ఉంటుందేమోనని భయంగా ఉంది."

ఆవిడకు మీరు గుర్తుండకపోవచ్చు. దానికి టెన్షన్ పడకండి, గుర్తుచేసే పని ఆ పాత మెయిలే చూసుకుంటుంది. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, ఆవిడ మీకు పంపిన ఆఖరి మెయిల్ తెరిచి దానికే రిప్లై ఇవ్వండి. ఏ రోల్‌కి పిలిచారు, జాబ్ ఐడీ ఎంత, ఏ తేదీన ఏ రౌండ్ అయ్యింది, ఆరు నెలల మాట ఎవరన్నారు, అన్నీ ఆ మెయిల్ కిందే ఉంటాయి. అడగమన్నది ఆవిడే కాబట్టి బతిమాలడమన్న ప్రశ్నే లేదు.

నేను ఈ పని ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తాను. 2023 మార్చిలో ఒక ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. జావా, సెలీనియం రౌండ్లు బాగానే జరిగాయి. మూడో రౌండ్‌లో ఏపీఐ టెస్టింగ్ మీద ఒక ప్రశ్న వచ్చింది: నెట్‌వర్క్ తడబడి ఒకే ఆర్డర్ రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్తే, రెండు ఆర్డర్లు పడకుండా సిస్టమ్ ఆపుతోందని ఎలా టెస్ట్ చేస్తారు? నేను స్టేటస్ కోడ్ చూస్తానన్నాను. ఇంటర్వ్యూ చేస్తున్నాయన "ఇంకా?" అని అడిగారు. నా దగ్గర ఇంకేమీ లేదు. అక్కడే ఆగిపోయాను. మార్చి 14న ఆ రౌండ్ అయితే, 27న రిజెక్ట్ మెయిల్ వచ్చింది. అందులోనే "ఏపీఐ వైపు ఇంకొంచెం పట్టు కావాలని ప్యానెల్ అభిప్రాయం, ఆరు నెలల తర్వాత మళ్ళీ సంప్రదించండి" అని ఉంది.

సెప్టెంబర్ 14 రాగానే లెక్కపెట్టుకున్నట్టు మెయిల్ పెట్టాను. కొత్త మెయిల్, కొత్త సబ్జెక్ట్. మీరు బాగున్నారని తలుస్తాను, నా ప్రొఫైల్‌కు తగ్గ ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే పరిగణించగలరు అని రాసి రెజ్యూమే జత చేశాను. పది రోజులు చూసినా జవాబు లేదు.

మా వదిన రిక్రూటరే, వేరే కంపెనీలో. ఆ మెయిల్ ఆమెకు చూపించాను. చదివి, "ఇది చదివాక నేను చేయాల్సిన పనేంటో నువ్వే చెప్పు" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. అప్పుడు తన ల్యాప్‌టాప్‌లో అలాంటి మెయిల్స్ తమకెలా కనిపిస్తాయో చూపించింది. ఒకేలాంటి వాక్యంతో వచ్చిన మెయిల్స్ వరుసగా ఉన్నాయి. ఏది కొత్తవాళ్ళు రాసిందో, ఏది తను ఇదివరకు మాట్లాడినవాళ్ళు రాసిందో బయటికి తేడా తెలియడం లేదు. "ఇందులో ఒక్కొక్కరి పేరూ సిస్టమ్‌లో వెతికి, పాత ఫీడ్‌బ్యాక్ తీసి, ఏ ఓపెనింగ్‌కి సరిపోతారో నేనే ఆలోచించాలి. మధ్యాహ్నంలోగా నలుగురికి ఇంటర్వ్యూలు కుదర్చాల్సిన రోజున అది ఎప్పుడు చేస్తాను?" అంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది: "ఆరు నెలలని ఎందుకన్నారో కనుక్కున్నావా?"

ఆ మాట వెనక సాధారణంగా మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుందట. చాలా కంపెనీల్లో ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన మనిషిని కొంతకాలం దాకా మళ్ళీ తీసుకోకూడదని రూల్ ఉంటుంది. దాన్ని కూలింగ్ పీరియడ్ అంటారు. ఎక్కువగా ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది. అది పూర్తయ్యేదాకా రిక్రూటర్‌కు మీరంటే ఎంత మంచి అభిప్రాయమున్నా ప్రొఫైల్ ముందుకు కదలదు. రెండోది, పోస్టే హోల్డ్‌లో పడటం. అప్పుడు మీలో లోపమేమీ లేదు, బడ్జెట్ ఆగింది. ఆ ఆరు నెలలు ఒక అంచనా మాత్రమే కాబట్టి కాస్త ముందే అడిగినా తప్పులేదు. పైగా మన కంపెనీలకు చాలావాటికి బడ్జెట్ ఏప్రిల్‌లో మారుతుంది, అమెరికా కంపెనీల ఆఫీసులకు ఎక్కువగా జనవరిలో. మూడోది, జాబ్‌కు అయిదేళ్ళ అనుభవం కావాలి, మీకు నాలుగున్నరే ఉంది. అప్పుడు ఆ ఆరు నెలలకు అర్థం అచ్చంగా ఆరు నెలలే.

మీకు మూడు రౌండ్లయ్యాక రిజెక్ట్ వచ్చిందంటున్నారు కాబట్టి నాలాగే మొదటి రకం అయ్యుండాలి. అలాగైతే తేదీ ముఖ్యం. కొన్ని కంపెనీలు ఆఖరి ఇంటర్వ్యూ రోజు నుంచి లెక్కిస్తాయి, కొన్ని సిస్టమ్‌లో రిజెక్ట్ అని మార్చిన రోజు నుంచి. నేను ఇంటర్వ్యూ తేదీ పట్టుకుని కూర్చున్నాను. తీరా చూస్తే అక్కడ రెండో పద్ధతి. ఇక మెయిల్‌లో ఏం రాయాలన్నది కూడా ఈ కారణమే తేలుస్తుంది. కారణం ఏపీఐ టెస్టింగ్ అయితే, ఈ ఆరు నెలల్లో ఏపీఐ టెస్టింగ్‌లో ఏం చేశారన్నదే మెయిల్. మిగతాదంతా రెజ్యూమేలో ఉంటుంది.

అదృష్టం కొద్దీ నా దగ్గర చెప్పుకోవడానికి నిజంగా ఒక పని ఉంది. రిజెక్ట్ అయ్యాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా ప్రాజెక్టులోనే పేమెంట్ టీమ్ దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నాను. రిక్వెస్ట్‌ను గుర్తుపట్టే కీ మార్చకుండా ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు పంపాలి, రెండుసార్లూ ఒకే ఆర్డర్ నంబర్ తిరిగొస్తోందో లేదో చూడాలి, డేటాబేస్‌లో ఒక్క వరుసే పడిందని ఖాయం చేసుకోవాలి. స్టేటస్ కోడ్ ఒక్కటే చూస్తే రెండు ఆర్డర్లు పడినా తెలియదు. అలాంటి టెస్టులు రెస్ట్ అష్యూర్డ్ అనే టూల్‌తో నలభై దాకా రాశాను.

సెప్టెంబర్ 25 ఉదయం పాత మెయిల్‌కే రిప్లై పెట్టాను. నేను రాసింది ఇంగ్లీషులోనే, తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"నమస్తే మేడమ్. మార్చిలో టెస్ట్ ఇంజనీర్ రోల్‌కు మూడో రౌండ్ దాకా వచ్చాను. ఏపీఐ టెస్టింగ్‌లో పట్టు చాలలేదని, ఆరు నెలల తర్వాత సంప్రదించమని మీరు చెప్పారు, కింది మెయిల్ చూడగలరు. ఆ తర్వాత మా పేమెంట్ ప్రాజెక్టులో నలభై ఏపీఐ టెస్టులు రాశాను, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వచ్చే సందర్భాలు కూడా అందులో ఉన్నాయి. మీ కెరీర్స్ పేజీలో ఫలానా నంబర్ ఓపెనింగ్ చూశాను. నా కూలింగ్ పీరియడ్ పూర్తయ్యిందా? అయితే దానికి నేరుగా అప్లై చేయమంటారా, మీరే ప్రొఫైల్ పెడతారా? హైదరాబాద్‌లోనే ఉన్నాను, నోటీస్ పీరియడ్ 60 రోజులు. కొత్త రెజ్యూమే జత చేశాను."

చివర్లో అడిగిన ప్రశ్న చూడండి. దానికి ఒక్క లైన్‌లో జవాబివ్వొచ్చు. 'ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా' అంటే ఆవిడ వెతకాలి. 'ఈ నంబర్‌కు అప్లై చేయనా' అంటే అవునో కాదో అంటే చాలు. నోటీస్ పీరియడ్ మన దగ్గర ఎవరైనా మొదట అడిగేదే, అందుకే ముందే రాశాను. 90 రోజులున్నా దాచకండి, తగ్గించుకునే వీలుంటే ఆ మాట కూడా పక్కనే రాయండి. జీతం సంగతి మాత్రం నేను రాయలేదు, అడిగినప్పుడు ఫోన్‌లో చెప్పాను. మొదటి మెయిల్‌లో అంకె వేస్తే పాత అంకె దగ్గరే మాట ఆగిపోతుందని నా అభిప్రాయం.

మర్నాడే జవాబు వచ్చింది, రెండు లైన్లు. 27 దాటాక సిస్టమ్ తీసుకుంటుంది, ఆ ఓపెనింగ్ దాదాపు నిండిపోయింది, ఇంకో టీమ్‌ది ఉంది, ఈ లింక్‌లో అప్లై చేసి చెప్పండి అని. మొదటి మెయిల్ చూశారో లేదో ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు.

ముందు అడిగి ఆ తర్వాతే అప్లై చేయడం వల్ల నేను ఒక చిక్కు తప్పించుకున్నాను. గడువు లోపల కెరీర్స్ పేజీలో అప్లై చేస్తే కొన్ని సిస్టమ్‌లు ఎవరూ చూడకుండానే రిజెక్ట్ చేసేస్తాయి, ఆ రిజెక్ట్ కూడా మీ రికార్డులో చేరుతుంది. అప్లై చేసేటప్పుడు పాత మెయిల్ ఐడీనే వాడండి. వేరేది వాడితే మీ పేరుతో రెండు ప్రొఫైల్స్ తయారవుతాయి, పాత మంచి ఫీడ్‌బ్యాక్ ఒకదాంట్లో, కొత్త అప్లికేషన్ ఇంకోదాంట్లో ఉండిపోతాయి. ఇంకొకటి, ఈ మధ్యలో ఏ కన్సల్టెన్సీ అయినా అదే కంపెనీకి మీ రెజ్యూమే పంపుతామంటే ఒప్పుకోకండి. ఒకసారి వాళ్ళ ద్వారా వెళ్తే కొన్ని నెలల పాటు మీరు వాళ్ళు తెచ్చిన క్యాండిడేట్ కింద లెక్క. అప్పుడు రిక్రూటర్ మిమ్మల్ని నేరుగా తీసుకోవాలన్నా కమీషన్ పేచీ వస్తుంది, ఆ పేచీ ఎందుకని పక్కన పెట్టేస్తారు. మా వదిన ఇది చెబుతున్నప్పుడు నిజంగా బాధపడింది, మంచి క్యాండిడేట్ ఒకరిని అలా వదులుకోవాల్సి వచ్చిందట.

జవాబు రాకపోతే వారం, పది రోజులాగి అదే మెయిల్ మీద ఒక్క లైన్ రాయండి. దానికీ రాకపోతే ఆ మనిషిని ఇక వదిలేయండి. మెయిల్ తిరిగొచ్చినా, ఆవిడ ఇప్పుడు అక్కడ లేరని ఆటో రిప్లై వచ్చినా అది మీకు కాదన్న జవాబు కాదు. రిక్రూటర్లలో కాంట్రాక్టు మీద ఉండేవాళ్ళూ ఉంటారు, ఆరు నెలల్లో మారిపోవడం మామూలే. లింక్డ్‌ఇన్‌లో అదే కంపెనీలో మీ తరహా రోల్స్ పోస్ట్ చేస్తున్న రిక్రూటర్‌ను చూసి, జనవరిలో ఏ రోల్‌కు ఏ రౌండ్ దాకా వెళ్ళారో, ఆరు నెలల తర్వాత రమ్మన్నారని రెండు వాక్యాల్లో రాయండి. ఫీడ్‌బ్యాక్ కంపెనీ సిస్టమ్‌లో ఉంటుంది కాబట్టి కొత్తావిడ కూడా తీసి చూడగలరు.

నాకు అక్టోబర్‌లో మళ్ళీ అన్ని రౌండ్లూ మొదటి నుంచి పెట్టారు. పాత రౌండ్లు పాసయ్యానన్నది లెక్కలోకి రాలేదు, మీరూ దానికి సిద్ధపడండి. కొత్త టీమ్ మేనేజర్ పాత ఫీడ్‌బ్యాక్ చూసే వచ్చారు, కూర్చోగానే ఏపీఐ దగ్గరే మొదలుపెట్టారు. ఈసారి "ఇంకా?" అన్నప్పుడు నా దగ్గర జవాబుంది. డిసెంబర్‌లో చేరాను.

మీ రిజెక్ట్ మెయిల్ తేదీ ఒకసారి తీసి చూడండి. అందులో కారణం రాసి ఉంటే ఇక్కడ చెప్పండి, దాన్ని బట్టి ఆ మధ్య వాక్యం ఎలా రాయాలో చూద్దాం. కారణమేమీ రాయకపోతే ప్యానెల్ మిమ్మల్ని ఎక్కడ "ఇంకా?" అని అడిగిందో గుర్తు తెచ్చుకోండి.