ఉద్యోగాలు పెరిగినా నిరుద్యోగం ఎందుకు పెరుగుతుంది? – సమాధానం

"పల్లె నుంచి నగరానికి వలస నమూనాతో లెక్క వేస్తూ, పల్లె కూలీని మార్చకుండా నగరంలో 100 ఉద్యోగాలు పెంచాను. నిరుద్యోగులు తగ్గాలి కదా, పెరిగారు. ఎక్కడ తప్పాను?"

మీ లెక్క సరైనదేనండి. పల్లెలో కూలీ 300, నగరంలో కదలని జీతం 600 అయితే, పని దొరికే అవకాశం సగానికి పడిపోయి, నగరంలో సగటు రాబడి కూడా 300 అయ్యేదాకా వలస ఆగదు. కనుక 1000 ఉద్యోగాల కోసం 2000 మంది చేరి, 1000 మంది ఖాళీగా మిగులుతారు. ఉద్యోగాలు 1100 అయితే 2200 మంది చేరతారు, నిరుద్యోగులు 1100 అవుతారు. కెన్యాలో 1964లో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి ఉద్యోగాలు పెంచేందుకు ఒప్పందం చేసుకున్నప్పుడు పని వెతుక్కుంటూ జనం నగరాలకు తరలివచ్చారు. ఆర్థికవేత్తలు హారిస్, టొడారో 1970లో ఈ నమూనాను ప్రతిపాదించినప్పుడు వారి ముందున్న అనుభవం అదే. అయితే మీరు పల్లె కూలీ మారదని అనుకున్నారు, అసలు కీలకం అక్కడే ఉంది: మనుషులు తగ్గి అక్కడ కూలీ 320కి పెరిగితే, నగరానికి చేరేవారు సుమారు 2060 దగ్గరే ఆగుతారు, నిరుద్యోగులు సుమారు 960కి తగ్గుతారు.