వేలు కదిలేది అరస్వరమే, వినిపించేది మాత్రం కొత్త లోకం

ప్రశ్న: సార్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను, ఇప్పుడు కీబోర్డ్ వాయిస్తున్నాను. సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోరింగ్‌లో పీజీ చేయాలనుంది. సిలబస్‌లో క్రోమాటిక్ మీడియంట్, పార్సిమోనియస్ వాయిస్ లీడింగ్ అని ఉన్నాయి. ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. వీటి మీద టైం పెట్టాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టైం పెట్టాల్సిందే. అయితే పుస్తకం పక్కన పెట్టి కీబోర్డ్ ముందు కూర్చోండి.

కుడిచేత్తో సి, ఇ, జి నొక్కండి. ఇ మీదున్న వేలు కదపొద్దు. సి మీది వేలిని పక్కనే కిందున్న బి మీదికి, జి మీది వేలిని పక్కనే పైనున్న జి షార్ప్ మీదికి జరపండి. వచ్చింది ఇ మేజర్. రెండు వేళ్లు చెరో అరస్వరం కదిలాయి, అంతే. వినడానికి మాత్రం తెర తీసి ఇంకో గది చూపించినట్టుంటుంది, ఎందుకంటే సి మేజర్ స్కేల్‌లో జి షార్ప్ అసలు లేదు. అక్కడ మామూలుగా రావాల్సింది ఇ మైనర్.

ఇలా రూట్‌లు ఒక థర్డ్ దూరంలో ఉండి, రెండూ మేజరో రెండూ మైనరో అయి, ఒక స్వరం ఉమ్మడిగా ఉంటే ఆ జంటను క్రోమాటిక్ మీడియంట్ అంటారు. సి మేజర్‌కు అలాంటివి నాలుగు: ఇ, ఎ ఫ్లాట్, ఎ, ఇ ఫ్లాట్ మేజర్‌లు. అన్నీ ఒకేలా వినిపించవు. మొదటి రెండింటికి వేళ్ల కదలిక మొత్తం రెండు అరస్వరాలు, మిగతా రెండింటికి మూడు.

ఇక పార్సిమోనియస్ అంటే పొదుపు. గట్టి అర్థంలో తీసుకుంటే ట్రయాడ్‌లో రెండు స్వరాలు నిలిచి, ఒక్కటే అరస్వరమో పూర్తి స్వరమో కదలాలి. సి మేజర్‌లో సిని బికి దింపితే ఇ మైనర్. అందులో జిని జి షార్ప్ చేస్తే ఇ మేజర్. అంటే మీరు ఇందాక వాయించింది రెండు చిన్న అడుగుల్ని కలిపేసిన ఒక పెద్ద అడుగు. ఇది అర్థమైతే సగం సిలబస్ అయినట్టే.

ఇప్పుడు బ్రామ్స్ దగ్గరికి వద్దాం. 1887లో రాసిన వయొలిన్, చెల్లో డబుల్ కన్సర్టో మొదటి మూవ్‌మెంట్‌లో, 270వ బార్ నుంచి కొన్ని బార్లలో ఎ ఫ్లాట్ మేజర్‌తో బయలుదేరి మళ్లీ దానికే చేరతాడు. ఎ ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్ పట్టుకోండి. సిని బి చేస్తే మైనర్ అయింది. ఇ ఫ్లాట్‌ను ఇ చేస్తే ఇ మేజర్. ఎ ఫ్లాట్‌ను జి చేస్తే ఇ మైనర్. బిని సి చేస్తే సి మేజర్. ఇని ఇ ఫ్లాట్ చేస్తే సి మైనర్. జిని ఎ ఫ్లాట్ చేస్తే మొదటికే వచ్చారు. ఆరు అడుగులు, ప్రతి అడుగులో ఒకే స్వరం, ఒకే అరస్వరం. దారిలో తగిలిన మేజర్‌లు ఎ ఫ్లాట్, ఇ, సి మూడూ ఒకదానికొకటి క్రోమాటిక్ మీడియంట్‌లే. బ్రామ్స్ దీనికి ఈ పేరు పెట్టలేదు. ఈ లెక్కంతా ఇరవయ్యో శతాబ్దం చివర్లో సిద్ధాంతకారులు కట్టింది. రిచర్డ్ కోన్ 1996లో ఈ భాగాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు.

గాత్రం నేర్చుకున్న మీకు ఇక్కడొక ఇబ్బంది ఉంటుంది. మీ చెవి షడ్జమాన్ని వెతుకుతుంది. ఈ వలయంలో ఏ స్వరమూ షడ్జంలా స్థిరపడదు. కాబట్టి శ్రుతిపెట్టె ఆపేసి వినండి.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది సాఫ్ట్‌వేర్‌లో. సి మేజర్ బ్లాక్‌ను మొత్తంగా నాలుగు అరస్వరాలు పైకి లాగేసి ఇ మేజర్ వచ్చిందనుకుంటారు. కార్డ్ సరైనదే, కానీ మూడు గొంతులూ ఒకే దిక్కుకు దూకాయి. సి-జి ఫిఫ్త్ అలాగే ఇ-బి ఫిఫ్త్ అయింది. కావాలనే అలా రాసేవాళ్లూ ఉన్నారు, కానీ పరీక్షలో వాయిస్ లీడింగ్ అడిగితే మార్కులు పోతాయి. పియానో రోల్‌లో చూస్తే ఇట్టే తెలుస్తుంది: కనీసం ఒక గీత అడ్డంగా సాఫీగా సాగాలి, మిగతావి పక్క గడిలోకే జరగాలి. బేస్ సంగతి వేరు. ఎడమచేతి రూట్ సి నుంచి ఇకి దూకినా ఫర్వాలేదు, పొదుపు లెక్క పై మూడు గొంతులదే.

ఒక పరిమితి కూడా గుర్తుంచుకోండి. రెండు కార్డ్‌లు ఎంత దగ్గరో ఈ పద్ధతి చెబుతుంది. స్వరకర్త అక్కడ ఆ కార్డే ఎందుకు వేశాడో చెప్పదు. విశ్లేషణ రాసేటప్పుడు పదబంధం ఎక్కడ ఆగింది, ఏ వాద్యం మోస్తోంది అన్నది కూడా రాయాలి.

నాలుగు గొంతుల హార్మనీ మూలసూత్రాలు ఇంకా గట్టిపడకపోతే ముందు అవి పూర్తి చేయండి. తర్వాత బ్రామ్స్ ఆరడుగుల వలయాన్ని సి, సి షార్ప్, డి, ఇ ఫ్లాట్ మేజర్‌ల నుంచి ఒక్కోసారి మొదలుపెట్టి వాయించండి. ఈ నాలుగు వలయాల్లో మొత్తం 24 మేజర్, మైనర్ ట్రయాడ్‌లూ ఒక్కోసారి వచ్చేస్తాయి, ఐదో వలయం లేదు.